ఈన్, ఈమ్, మైనెమ్: జర్మన్ సర్వనామాల పుట్టుపూర్వోత్తరాలు

జర్మన్ భాషలో "నా" అనే మాటకు ఆరు రూపాలున్నాయి: మైన్, మైనె, మైనెన్, మైనెమ్, మైనెర్, మైనెస్. తెలుగులో నా పుస్తకం, నా పుస్తకాన్ని, నా పుస్తకానికి అన్నప్పుడు మారేది పుస్తకమే, "నా" కదలదు. జర్మన్‌లో దాదాపు దీనికి తలకిందులు. నామవాచకం చాలావరకు ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. దాని లింగాన్నీ విభక్తినీ ముందున్న "నా" మోస్తుంది. అదే భాషలో "వాణ్ని" అంటే ఈన్, "వాడికి" అంటే ఈమ్, "ఆమెకు" అంటే ఈర్. ఈ మూడు మాటల చివర ఉన్న న్, మ్, ర్ లే మైనెన్, మైనెమ్, మైనెర్ చివరా ఉన్నాయి. ఈ పోలిక యాదృచ్ఛికం కాదు. సర్వనామాల ప్రత్యయాలు విశేషణాల మీదికి, అక్కణ్నుంచి "నా, నీ, అతని" వంటి మాటల మీదికి పాకడమే ఈ చరిత్రలో అసలు సంగతి.

దాని మొదలు తెలుసుకోవడానికి సంస్కృతం చదివినవారికి మంచి ఆధారం చేతిలోనే ఉంది. సంస్కృతంలో "వాణ్ని" అంటే తమ్, "వాడికి" అంటే తస్మై, "ఆమెకు" అంటే తస్యై. రామ శబ్దానికి చతుర్థిలో రామాయ అని వస్తుంది గానీ రామస్మై అని రాదు. స్మై అన్నది సర్వనామాల సొత్తు. జర్మన్, ఇంగ్లిష్, గోథిక్ వంటి జర్మానిక్ భాషలూ సంస్కృతమూ ఒకే మూలభాష నుంచి చీలినవి కాబట్టి ఈ స్మ అక్కడా దిగింది. క్రీ.శ. 4వ శతాబ్దంలో వుల్ఫిలా అనే బిషప్ బైబిల్‌ను గోథిక్‌లోకి అనువదించాడు. 6వ శతాబ్దపు ఒక ప్రతి స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఇప్పటికీ భద్రంగా ఉంది. ఆ గోథిక్‌లో "వాడికి" అనడానికి ఇమ్మ అనే మాట కనిపిస్తుంది. స్మలోని స పక్కనున్న మలో కలిసిపోయి మ్మ అయింది. సుమారు 750 నుంచి 1050 వరకు సాగిన ప్రాచీన జర్మన్‌లో అదే ఇము. తర్వాత చివరి అచ్చు రాలిపోయి ఈమ్ మిగిలింది. "ఆ" అనే అర్థంలో తస్మైకి నేరుగా చుట్టమైన మాట డేమ్. దాని మ్ కూడా ఈ స్మలోదే.

ద్వితీయలో వచ్చే న్ కథ చిన్నది. తమ్‌లో ఉన్న చివరి మకారం జర్మానిక్‌లో నకారమైంది, దాని వెనక ఒక చిన్న అచ్చు చేరింది. గోథిక్ ఇన, ప్రాచీన జర్మన్ ఇనన్, నేటి ఈన్ ఆ వరుసలోవే. స్త్రీలింగపు ర్ మరికొంత ఆశ్చర్యం కలిగిస్తుంది. తస్యైలో ఉన్న సకారమే జర్మానిక్‌లో మెత్తబడి జకారానికి దగ్గరి ధ్వనిగా మారి, జర్మన్‌లో రకారమైంది. గోథిక్ ఇజై, ప్రాచీన జర్మన్ ఇరు, నేటి ఈర్. "నాకు" అనే అర్థంలో వచ్చే మీర్ కూడా ఇదే దారిన వచ్చింది. గోథిక్‌లో అది మిస్. అంటే నేటి జర్మన్‌లో "నాకు" చివరి ర్, "ఆమెకు" చివరి ర్ రెండూ ఒకనాటి సకారాలే. "నన్ను" అనే మిష్ రూపానికి మాత్రం వేరే కథ ఉంది. దాని చివరి ధ్వని అసలు విభక్తి ప్రత్యయం కాదు. తెలుగులో "నన్నే" అన్నప్పుడు చేరే ఏ లాగా ఒత్తి చెప్పడానికి చేర్చిన ఒక అవ్యయం మాటలో కలిసిపోయి గోథిక్‌లో మిక్, ప్రాచీన జర్మన్‌లో మిఖ్ అయింది. ఇంగ్లిష్‌లో "నన్ను", "నాకు" రెండూ మీ అనే ఒక్క మాటగా కలిసిపోగా, జర్మన్‌లో అవి విడివిడిగా నిలిచాయి.

ఇక ఈ ప్రత్యయాలు "నా" మీదికి ఎలా వచ్చాయో చూడాలి. సంస్కృతంలో సర్వ, విశ్వ వంటి కొన్ని విశేషణాలకు రామాయ తీరు కాక తస్మై తీరు వర్తిస్తుంది: సర్వస్మై, విశ్వస్మై. పాణిని వాటినొక గణంగా కూర్చి, సర్వనామాలనే పేరు దానికే ఇచ్చాడు. సంస్కృతంలో ఆ గణానికి పరిమితమైన పద్ధతి జర్మానిక్‌లో గట్లు తెంచుకుంది. ఆర్టికల్ తోడులేని ప్రతి విశేషణమూ సర్వనామపు ప్రత్యయాలనే తొడుక్కుంది. మైన్, డైన్, సైన్ అనే "నా, నీ, అతని" మాటలు వ్యాకరణరీత్యా విశేషణాలే కాబట్టి వాటికీ అదే గతి పట్టింది. ప్రాచీన జర్మన్‌లో పుంలింగ ద్వితీయకు మీనన్, చతుర్థికి మీనెము, స్త్రీలింగ చతుర్థికి మీనెరు. అచ్చులు రాలి అవే మైనెన్, మైనెమ్, మైనెర్ అయ్యాయి.

పుంలింగ ప్రథమలోనూ, నపుంసకలింగ ప్రథమా ద్వితీయల్లోనూ మైన్‌కు ఏ ప్రత్యయమూ ఉండదు. ప్రాచీన జర్మన్ విశేషణాలకు ప్రథమలో రెండు రూపాలుండేవి, ప్రత్యయం ఉన్నదొకటి, లేనిదొకటి. నామవాచకం ముందు వచ్చే మైన్‌కు ప్రత్యయం లేని రూపం స్థిరపడింది. ఉన్న రూపం మాయం కాలేదు. "నాది" అని విడిగా అన్నప్పుడు పుంలింగ వస్తువుకు మైనెర్, నపుంసకానికి మైన్స్ అంటారు. నపుంసకలింగంలో ప్రథమా ద్వితీయా ఒకటిగా ఉండటం మూలభాష కాలం నాటిది, సంస్కృతంలో ఫలమ్ రెండు విభక్తుల్లోనూ ఫలమ్ అయినట్టే. స్త్రీలింగంలో ఆ కలయిక చాలా తర్వాతిది. ప్రాచీన జర్మన్‌లో "ఆమె"కు సియు, "ఆమెను" అనడానికి సియా ఉండగా, అచ్చులు బలహీనపడి రెండూ సీ అయిపోయాయి. అందుకే నేడు ఏకవచనంలో "అతడు"కు, "అతణ్ని"కి మధ్య తేడా చూపించేది పుంలింగం ఒక్కటే.

ఈ వంశవృక్షంలో ఆలస్యంగా చేరినది "ఆమె యొక్క" అనే ఈర్. సైన్‌కు మూలం సంస్కృత స్వ శబ్దానికి దగ్గరి బంధువు. గోథిక్‌లో దానికి తెలుగు "తన" అనే అర్థమే ఉండేది. కర్త మగవాడైనా ఆడమనిషైనా అదే మాట. కర్త కాని మరొకరి వస్తువైతే షష్ఠీ విభక్తి రూపం వాడేవారు. తెలుగులో "తన కొడుకు", "ఆమె కొడుకు" వేరైనట్టే అక్కడా వేరు. జర్మన్‌లో ఆ వివక్ష పోయింది. సైన్ పుంలింగ, నపుంసకలింగాలకు "అతని, దాని"గా స్థిరపడింది. స్త్రీలింగానికి, బహువచనానికి విశేషణమే లేకపోయింది. "ఆమె యొక్క" అనడానికి ఇర, "వారి యొక్క" అనడానికి ఇరో అనే షష్ఠీ రూపాలే దిక్కయ్యాయి. ఇవి తెలుగు "ఆమె, వారి" లాగే, తర్వాత ఏ నామం వచ్చినా మారేవి కావు. తర్వాతి దశలో రెండూ ఇర్ అయి, మైన్, సైన్‌ల పక్కన నిత్యం వినిపిస్తుండటంతో వాటి తీరునే పట్టుకుని ప్రత్యయాలు తొడుక్కోవడం మొదలుపెట్టాయి. మధ్యయుగపు జర్మన్‌లో మొదలైన ఈ మార్పు దాని తర్వాతి శతాబ్దాల్లో పూర్తిగా స్థిరపడింది.

ఒక వాక్యాన్ని విప్పి చూస్తే ఈ చరిత్రంతా అందులో కనిపిస్తుంది. "ఆమె తన కొడుక్కి తన తాళంచెవి ఇస్తుంది" అనడానికి జర్మన్‌లో: సీ గిబ్ట్ ఈరెమ్ సోన్ ఈరెన్ ష్లుస్సెల్. రెండు చోట్లా మొదటి భాగం ఈర్. దాన్ని నిర్ణయించింది సొంతదారు, అంటే ఆమె. చివరి భాగంతో ఆమెకు సంబంధం లేదు. కొడుకు పుంలింగం, చతుర్థి, అందుకని ఎమ్. తాళంచెవి జర్మన్‌లో పుంలింగం, ఇక్కడ ద్వితీయ, అందుకని ఎన్. రెండు నామాలనూ సర్వనామాలుగా మారిస్తే: సీ గిబ్ట్ ఈన్ ఈమ్. తాళంచెవి పోయి ఈన్, కొడుకు పోయి ఈమ్ వచ్చాయి. రెండూ సర్వనామాలైనప్పుడు ద్వితీయ ముందుకొస్తుంది. ఈరెన్‌లోని న్ ఈన్‌లోనూ, ఈరెమ్‌లోని మ్ ఈమ్‌లోనూ అలాగే నిలిచాయి. కూతురికి పుస్తకం ఇస్తే: సీ గిబ్ట్ ఈరెర్ టోఖ్టర్ ఈర్ బూఖ్. కూతురు స్త్రీలింగ చతుర్థి కాబట్టి ర్. పుస్తకం నపుంసక ద్వితీయ కాబట్టి ప్రత్యయం లేదు. అయితే ఆ తాళంచెవి, ఆ పుస్తకం ఎవరివి? కర్తవా, మరో స్త్రీవా? ఈర్ చెప్పదు. "తన"ను పోగొట్టుకున్న భాషకు అది శాశ్వతమైన లోటు.

కొత్తగా నేర్చుకునేవారు ఎక్కువగా తప్పేది మొదటి భాగానికి సొంతదారును, చివరి భాగానికి తర్వాతి నామాన్ని విడివిడిగా చూడాల్సిన చోటే. "అతని తల్లి" అనడానికి సైన్ ముటర్ అంటారు. సొంతదారు మగవాడు కాబట్టి సరిపోయిందనుకుంటారు. తల్లి స్త్రీలింగం కాబట్టి సైనె ముటర్ అనాలి. ద్వితీయలో గానీ చతుర్థిలో గానీ అనుమానం వస్తే ఆ చోట "ఆ" అనే ఆర్టికల్‌ను పెట్టి చూసుకోవచ్చు. డేన్ వస్తే మైనెన్, డేమ్ వస్తే మైనెమ్, డేర్ వస్తే మైనెర్. చివరి హల్లు తప్పకుండా కలుస్తుంది, మూలం ఒకటే కాబట్టి. ఏ క్రియకు ఏ విభక్తి అన్నదానిలో తెలుగు చాలాచోట్ల తోడుంటుంది. "నీకు సాయం చేస్తాను" అన్నప్పుడు డీర్ (నీకు), "నిన్ను అడుగుతాను" అన్నప్పుడు డిష్ (నిన్ను). "నీకు ఫోన్ చేస్తాను" దగ్గర మాత్రం తెలుగు తప్పుదారి పట్టిస్తుంది. జర్మన్‌లో అక్కడ డిష్ రావాలి.

ద్వితీయా చతుర్థుల తేడా జర్మన్ల నోట కూడా అంతటా ఒకేలా నిలవలేదు. ప్రాచీన జర్మన్‌లో "మమ్మల్ని"కి ఉన్సిఖ్, "మాకు" ఉన్స్; "మిమ్మల్ని"కి యువిఖ్, "మీకు" యు. మొదటి జంటలో చతుర్థి రూపం గెలిచి రెండింటికీ ఉన్స్ అయింది. రెండో జంటలో ద్వితీయ గెలిచి ఓయిష్ అయింది. ఉత్తర ప్రాంతపు లో జర్మన్‌లో "నన్ను, నాకు" రెంటికీ మి అన్నదే వాడుక. 16వ శతాబ్దంలో బెర్లిన్ హై జర్మన్ వైపు మళ్లినా ఆ పాత వాడుక ప్రభావం పోలేదు. మీర్, మిష్ తారుమారు చేస్తారని అక్కడివారికి పేరు పడింది. కార్ల్ ఫిలిప్ మోరిట్స్ 1780 ప్రాంతంలో బెర్లిన్ పాఠకుల కోసం ఈ రెంటి తేడా మీదే ప్రత్యేకంగా లేఖల రూపంలో ఒక పుస్తకం రాయాల్సి వచ్చింది.

శరీర భాగాల విషయంలో జర్మన్ "నా"ను పక్కనపెట్టి, తెలుగు లాగే "నాకు"ను ఎంచుకుంటుంది. "నాకు కాలు నొప్పి" అన్నట్టే అక్కడా మీర్ వస్తుంది, కాలికి ముందు ఆర్టికల్ చాలు. చతుర్థికీ సొంతదనానికీ ఉన్న ఈ దగ్గరితనం వల్ల మాట్లాడే జర్మన్‌లో మరో ప్రయోగం పుట్టింది. "నాన్న టోపీని" అనడానికి డేమ్ ఫాటర్ సైనెన్ హూట్, అంటే "నాన్నకు అతని టోపీని" అంటారు. లిఖిత భాష దీన్ని ఒప్పుకోదు గానీ ప్రాంతీయ మాండలికాల్లో ఇది మామూలే. ఇందులో మ్ నాన్న విభక్తిని, సై సొంతదారు పురుషుడని, న్ టోపీ లింగ విభక్తులను చెబుతాయి.