కొచ్చిన్ ఓడ, బఠాణీ గింజంత జింకు

ఒక లోహాన్ని కాపాడటానికి ఇంకో లోహాన్ని బలి ఇచ్చే పద్ధతిని ప్రపంచంలో మొదట కట్టి చూసిన ఓడ మన కొచ్చిన్‌లో పుట్టింది. దాని పేరు సమరాంగ్. బ్రిటిష్ నౌకాదళం కోసం కట్టి 1822లో నీళ్లలోకి దించారు. ఈ ముక్క కంటపడిన రోజు నుంచి మా మధురానగర్ వీధి చివర నిలబడి ఉన్న పసుపుపచ్చ గుంజ నాకు వేరే రకంగా కనిపిస్తోంది. ఆ ఓడకూ, ఈ గుంజ కింద మట్టిలో ఉన్న గ్యాస్ పైపుకూ మధ్య చుట్టరికం ఉంది.

అప్పట్లో కర్ర ఓడల అడుగుకి రాగిరేకులు తొడిగేవారు. అవి ఉప్పునీటిలో త్వరగా అరిగిపోయేవి. నౌకాదళం రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీని సలహా అడిగింది. ఆయన 1824 జనవరిలో రాయల్ సొసైటీ ముందు పెట్టిన పత్రంలో జవాబు ఉంది. రెండు లోహాలు ఒకదానికొకటి తగులుతూ ఉప్పునీటిలో ఉంటే, తేలిగ్గా కరిగేది కరుగుతుంది, రెండోది నిలుస్తుంది. నలభై యాభై చదరపు అంగుళాల రాగిని కాపాడటానికి బఠాణీ గింజంత జింకు చాలని ఆయన చూపించాడు. నాకు అన్నిటికంటే ముచ్చటైన వాక్యం ఇదే. ఎంత వైశాల్యానికి ఎంత బలి అన్న లెక్క, ఇవాళ ప్రతి పైపులైన్ ఇంజినీరూ వేసే లెక్క, అక్కడే మొదలైంది.

అదే ఏడు సమరాంగ్ అడుగున పోతఇనుము దిమ్మలు కట్టి నోవాస్కోషియాకి పంపారు. తిరిగొచ్చేసరికి రాగి భద్రంగా ఉంది. ఆ వేసవిలో డేవీ తానే కామెట్ అనే ఆవిరి ఓడ ఎక్కి నార్వే దాకా వెళ్లాడు, వేగంగా కదిలే నీటిలోనూ ఈ రక్షణ నిలుస్తుందో లేదో చూడటానికి.

ఇంతలో కథ అడ్డం తిరిగింది. రక్షణ కట్టిన ఓడల అడుగున గుల్లపురుగులు, నాచు దట్టంగా పేరుకుని ఓడలు నత్తనడక నడిచాయి. కారణం చాలా చిన్నది. రాగి కొద్దికొద్దిగా కరిగి నీటిలో కలవడమే ఆ పురుగులకు విషం. కరగడం ఆగింది, విషమూ ఆగింది. లోహం దక్కింది, ఓడ పని చెడింది. కొద్ది ఏళ్లకే నౌకాదళం ఆ దిమ్మలు తీయించింది. డేవీ దెప్పిపొడుపులు మోస్తూనే 1829లో జెనీవాలో కన్నుమూశాడు.

ఇక్కడే నాకు కష్టమనిపిస్తుంది. సిద్ధాంతంలో తప్పు లేదు. మట్టిలో ఇనప గొట్టానికి గుల్లపురుగుల బెడద కూడా లేదు. అయినా భూమిలో పాతిన గొట్టాలకు ఈ విద్య గట్టిగా అందడానికి మరో వందేళ్లు పట్టింది. రాబర్ట్ కూన్ అనే ఇంజినీరు 1928లో న్యూఆర్లీన్స్‌లో గ్యాస్ పైపుకి రెక్టిఫయర్ తగిలించి బయటి నుంచి కరెంటు పంపాడు. మైనస్ 0.85 వోల్టులన్న గీటురాయి కూడా ఆయనదే. గొట్టం అంతకంటే రుణాత్మకంగా ఉంటే తుప్పు దాదాపు ఆగుతుంది.

ఆ గీటురాయిని కొలవడం మా వీధిలోనే చూశాను. పొద్దున్నే ఒక కుర్రాడు గుంజకున్న పెట్టె తెరిచి, "అంకుల్, కాసిని నీళ్లుంటే ఇస్తారా?" అన్నాడు. సీసా ఇచ్చాను. నేలమీద పోసి, తడిసిన చోట ఒక గొట్టాన్ని నిలబెట్టాడు. లోపల రాగి కడ్డీ, చుట్టూ మైలుతుత్తం ద్రావణం, అడుగున నీరు ఊరే చెక్కబిళ్ల. మీటరు తీగ ఒకటి దానికి, ఇంకొకటి పెట్టెలోని పైపు తీగకి. మైనస్ 1.18. తర్వాత, పైపు కోసం పక్కన మట్టిలో బలిగా పాతిన మెగ్నీషియం దిమ్మ తీగను పైపు తీగతో కలిపే పట్టీ ఊడదీసి, ఆ క్షణంలోనే అంకె చూశాడు. మైనస్ 0.98. "ఇదండీ అసలుది. మొదటిదాంట్లో మట్టి తినే వోల్టేజీ కూడా కలిసి ఉంటుంది," అన్నాడు. పట్టీ ఉండగా 0.85 వచ్చిందని సంతోషపడితే మోసపోతాం.

మరి ఎన్ని దిమ్మలు కావాలి? బఠాణీ గింజ లెక్కే, కాస్త పెద్దది. ఎనిమిదంగుళాల పైపు, బయటి వ్యాసం 219 మిల్లీమీటర్లు, పొడవు ఐదు కిలోమీటర్లు అనుకుందాం. ఉపరితలం సుమారు 3,440 చదరపు మీటర్లు. మూడు పొరల పాలిథీన్ పూత బాగుంటే చదరపు మీటరుకి 0.1 మిల్లీఆంపియరు చాలు, మొత్తం 0.35 ఆంపియరు. పూత లేని ఉక్కుకి చదరపు మీటరుకి 20 మిల్లీఆంపియర్లు వేస్తే అదే పైపుకి దాదాపు 70 ఆంపియర్లు కావాలి. అసలు కాపలా పూతదే, కరెంటు దాని చిల్లులకు మాత్రమే.

ఒక ఆంపియరు ఏడాది పొడవునా ఇవ్వాలంటే సుమారు 8 కిలోల మెగ్నీషియం కరగాలి. మన 0.35 ఆంపియరుకి ఇరవై ఏళ్లకి 56 కిలోలు. దిమ్మ చివరి ముక్క దాకా పనిచేయదు కాబట్టి 66 అనుకుందాం. 7.7 కిలోల దిమ్మలు తొమ్మిది. ఇది బరువు లెక్క.

రెండో లెక్క మట్టిది. మెగ్నీషియానికీ, రక్షణలో ఉన్న పైపుకీ మధ్య తోసే బలం ముప్పావు వోల్టే. నిరోధకత 30 ఓమ్-మీటర్లున్న తడి మట్టిలో సుమారు 70 సెంటీమీటర్ల దిమ్మ ఒకటి 47 మిల్లీఆంపియర్లు ఇస్తుంది. తొమ్మిది చాలు, కొంచెం మిగులుతుంది కూడా. అదే దిమ్మని 300 ఓమ్-మీటర్ల పొడి మొరంలో పెడితే 5 మిల్లీఆంపియర్లు కూడా రావు. అప్పుడు డెబ్బైకి పైగా దిమ్మలు పాతాలి. బరువు లెక్క తొమ్మిదంటుంది, మట్టి లెక్క డెబ్బై అంటుంది. పెద్ద అంకెకే తలవంచాలి. ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్ వైపు గ్రానైట్ గుట్టల మీద వర్షాకాలంలో బాగున్న అంకె ఎండాకాలంలో పడిపోతే ఆశ్చర్యం లేదు.

అలాంటి నేలలో రెక్టిఫయర్‌దే పైచేయి. ముప్పావు వోల్టుకి బందీ కాదు, ఎన్ని వోల్టులు కావాలంటే అన్ని పెంచుకోవచ్చు. పైనంతా ఎండినా లోతుగా బోరు వేసి కోక్ పొడిలో ఆనోడ్లు దించితే కింద తడి దొరుకుతుంది. సిలికాన్ ఇనుము ఆనోడ్లయితే ఏడాదికి ఆంపియరుకి అర కిలో కూడా తరగవు. కానీ కరెంటు పోతే రక్షణ పోతుంది. ఎక్కువ తోస్తే పూత ఊడుతుంది. పక్కన ఎవరిదో నీళ్ల పైపు ఉంటే ఆ కరెంటు దానిలోకి దూరి, బయటికొచ్చే చోట దాన్ని తినేస్తుంది. అన్నిటికంటే భయంకరమైనది తీగలు తారుమారు కావడం. ప్లస్ తీగ పైపుకి తగిలిస్తే ప్రతి ఆంపియరూ ఏడాదికి తొమ్మిది కిలోల ఇనుము మింగుతుంది, అదీ పూత చిల్లుల దగ్గరే. అందుకే రెక్టిఫయర్ వేసిన వెంటనే అంకె రుణాత్మకం వైపు కదిలిందో లేదో చూడకుండా ఎవరూ ఇంటికి వెళ్లకూడదు. ఊళ్లో పూత బాగున్న చిన్న లైన్లకి మెగ్నీషియం, ఊళ్లు దాటే పొడవాటి లైన్లకి రెక్టిఫయర్ అన్న పంపకం ఈ బలాబలాల నుంచే వచ్చింది.

ఈ రెండు పద్ధతులూ చేరలేని చోటు గొట్టం లోపల. 2014 జూన్ 27న అప్పటి తూర్పు గోదావరి జిల్లా నగరం గ్రామంలో గ్యాస్ పైపు పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. తడి గ్యాస్‌తో పాటు వచ్చిన నీరు లోపలి నుంచి తినేసిందన్నది బయటపడ్డ కారణం. బయట నిలబెట్టే మైలుతుత్తం గొట్టం పైపు లోపలి సంగతి చెప్పలేదు. కరెంటు బయటి మట్టిని తాకే ముఖానికే అందుతుంది. లోపలికి వేరే మందు కావాలి. గ్యాస్‌ని ఆరబెట్టి పంపడం, పైపులో పిగ్ అనే పరికరం నడిపి శుభ్రం చేస్తూ గోడ మందం కొలవడం.

ఆ కుర్రాడు పెట్టె మూసి తర్వాతి గుంజ కోసం బయలుదేరాడు. మ్యాపులో అది టీకొట్టు ఎదురుగా ఉండాలి. అక్కడ కొత్తగా పరిచిన ఫుట్‌పాత్ టైల్సే ఉన్నాయి. ఒక గుంజ కప్పబడితే దాని చుట్టుపక్కల పైపు సంగతి కొన్నేళ్లపాటు ఎవరికీ తెలియదు. టైల్స్ పరిచేవాళ్లకి ఆ పసుపుపచ్చ గుంజ ఏమిటో ఒక్క మాట చెప్పేవాళ్లు లేకపోవడం నాకు బాధ. కుర్రాడు సంచిలోంచి చిన్న గునపం తీసి, టీకొట్టాయనతో "అన్నా, ఈ రెండు టైల్స్ లేపుతా, మళ్లీ నేనే పెట్టేస్తా" అంటూ కూర్చున్నాడు.