పండరి నడకలో మజిలీలు ఎట్లా పంచారు? పెద్దవాళ్ళ కాళ్ళు చెప్పే లెక్క

పోస్టు కాస్త పొడుగు, తీరిక చేసుకుని చదవండి.

మన వైపు శ్రీశైలానికో తిరుమలకో కాలినడకన పోదామనుకుంటే ముందు ఒక లెక్క వేస్తాం. మొత్తం దూరం ఎంత, చేతిలో రోజులు ఎన్ని, భాగించు. 180 కిలోమీటర్లు, ఆరు రోజులు, రోజుకు 30. కాగితం మీద లెక్క సరిగ్గానే ఉంటుంది. కానీ అరవై దాటిన మనిషి మొదటి రోజు 30 నడిచాక రెండో రోజు పొద్దున లేవలేడు. మూడో రోజుకు ట్రాక్టరు ట్రాలీ ఎక్కాల్సిందే. తప్పు ఆ ముసలాయన కాళ్ళది కాదు, భాగించిన లెక్కది. ఈ లెక్కను వేరే రకంగా చేసినవాళ్ళు మన పక్క రాష్ట్రంలో ఉన్నారు. వాళ్ళూ మనలాంటి రైతులే.

మహారాష్ట్రలో ఆళంది అనే ఊళ్ళో జ్ఞానేశ్వరుడి సమాధి ఉంది. ఏటా జ్యేష్ఠ బహుళ అష్టమినాడు ఆయన పాదుకలు పల్లకిలో బయలుదేరి, ఆషాఢ శుద్ధ దశమినాటికి పండరిపురం చేరతాయి. మర్నాడు ఏకాదశి, మన తొలి ఏకాదశే. మృగశిర వానలకు విత్తనం వేసి, చేను కొడుకులకు అప్పజెప్పి, పెద్దవాళ్ళు నడకకు వస్తారు. వీళ్ళను వార్కరీలు అంటారు. తెలంగాణలో మరాఠీ సరిహద్దు ఊళ్ళవాళ్ళకు ఈ నడక కొత్త కాదు.

పల్లకి సంప్రదాయం పాతది. తుకారాం కొడుకు నారాయణ మహారాజ్ 1685లో దేహూ నుంచి మొదలుపెట్టాడని చెబుతారు. 1830ల ప్రాంతంలో హైబత్‌బాబా ఆర్ఫళ్‌కర్ అనే ఆయన జ్ఞానేశ్వరుడి పల్లకిని విడిగా నడిపించడం మొదలుపెట్టాడు. ఆయన సాతారా వైపు ఆర్ఫళ్ ఊరివాడు, గ్వాలియర్ సింధియాల కొలువులో పనిచేసి వచ్చినవాడు. పల్లకి వెంట గుర్రాలు, డేరా పంపే బాధ్యత బెళగావి వైపు అంకలి శితోళే సర్దారులు తీసుకున్నారు. కొలువు చేసిన మనిషి కాబట్టి, వెయ్యి మందిని ఒక చోట నుంచి ఇంకో చోటికి ఎట్లా కదిలించాలో ఆయనకు తెలుసు. ఎవరి ముందు ఎవరు నడవాలి, రాత్రి ఎక్కడ దిగాలి అన్న కట్టుబాటుకు ఆయన పేరే చెప్పుకుంటారు.

ఇక మజిలీలు చూద్దాం. ఆళంది నుంచి పండరిపురం సుమారు 250 కిలోమీటర్లు. దశమిదాకా మామూలుగా 18 రోజులు. మన పద్ధతిలో భాగిస్తే రోజుకు 14 కిలోమీటర్లు. వాళ్ళు మాత్రం ఏ రోజూ 14 నడవరు!

మొదటి రోజు అసలు నడకే లేదు. అష్టమి సాయంత్రం పాదుకలు గుడి దాటి, ఆ రాత్రి ఆళందిలోనే ఉంటాయి. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు ఒక చోట చేరతారు, మూటలు బండికెక్కుతాయి, ఎవరి వెనక ఎవరో తెలుస్తుంది. రెండో రోజు పుణె, 29 కిలోమీటర్లు. అక్కడ రెండు రాత్రులు. తర్వాత సాస్వడ్, 32 కిలోమీటర్లు, దారిలో దివే ఘాట్ ఎక్కాలి. అక్కడ మళ్ళీ రెండు రాత్రులు. ఆ తర్వాత జేజురి 16, వాల్హే 12, లోణంద్ 20. లోణంద్‌లోనూ చాలా ఏళ్ళు రెండు రాత్రులు ఉంటారు. తర్వాత తరడ్‌గావ్ ఎనిమిదే ఎనిమిది కిలోమీటర్లు. ఫల్టణ్ 21, బరడ్ 18, నాతేపుతే 21, మాళ్‌శిరస్ 18, వేళాపూర్ 19, భండీశేగావ్ 21, వాఖరి 10, పండరిపురం 5. కొలిచేవాళ్ళను బట్టి ఒకటి రెండు కిలోమీటర్లు అటూ ఇటూ అవుతాయి.

ఈ వరసను ఒక్కసారి నిదానంగా చూడండి. పెద్ద నడకలు రెండూ మొదట్లోనే ఉన్నాయి. వినడానికి ఇది తప్పుగా అనిపిస్తుంది, కొత్త కాళ్ళకు మొదట తక్కువ పెట్టాలి గదా అని. కానీ ఆ రెండిటికీ వెనక ఒక్కో పూర్తి రోజు విశ్రాంతి కట్టి ఉంది. పాదాల వాపు, పిక్కల నొప్పి నడిచిన రోజుకంటే మర్నాడు ఎక్కువ బాధపెడతాయి. ఆ మర్నాడే నడక లేకుండా పెట్టారు. బొబ్బలు లేస్తే ఆరడానికి, చెప్పు మార్చుకోవడానికి అదే సమయం. తర్వాత 16, 12తో కాళ్ళను మళ్ళీ దారిలో పెడతారు. లోణంద్ దాటాక 8 కిలోమీటర్ల రోజు కూడా సగం విశ్రాంతే. ఆ తర్వాతే వరసగా ఆరు రోజులు 18 నుంచి 21 నడిపిస్తారు. అప్పటికి ఒళ్ళు అలవాటు పడి ఉంటుంది. చివరికి 10, 5. ఏకాదశినాడు గంటల తరబడి నిలబడాలి, చంద్రభాగలో స్నానం చేయాలి. ఊరు చేరేసరికి కాళ్ళలో కాస్త సత్తువ మిగలాలి గదా.

ఇదంతా ముసలివాళ్ళ కోసమే ఎవరో కూర్చుని రాసిన పట్టిక అని నేను చెప్పడం లేదు. నీళ్ళున్న ఊరు, గుడి, తిథి, ఇవన్నీ కలిసి మజిలీలను నిలబెట్టాయి. సాస్వడ్‌లో జ్ఞానేశ్వరుడి తమ్ముడు సోపానదేవుడి సమాధి ఉంది, జేజురిలో ఖండోబా ఉన్నాడు, నీరా నది దాటాక లోణంద్. కానీ ముసలి కాళ్ళు ఏటా అదే దారిలో నడిచి పండరి చేరుతున్నాయంటే ఆ వరస వాళ్ళకు సరిపోయిందనే అర్థం. తిథి పెరిగినా తరిగినా నడిచే దూరాలను ముట్టుకోరు. ఆగే రోజుల్లోనే, ముఖ్యంగా లోణంద్ దగ్గర, ఒకటి కలుపుతారు లేదా తీస్తారు. ఇది గుర్తుపెట్టుకోదగ్గ సంగతి. మనం ఒక రోజు ఆలస్యమైతే మర్నాడు రెండు రోజుల నడక ఒక్కరోజే చేయిస్తాం.

ఇప్పుడు ఒక్క రోజును విప్పి చూద్దాం. అన్నిటికంటే కష్టమైన పుణె–సాస్వడ్ రోజే తీసుకోండి. తెల్లవారుజామున బయలుదేరతారు. హడప్‌సర్ దగ్గర ఆగుతారు. మధ్యాహ్నం అన్నం ఉరుళి దేవాచీలో. ఆ తర్వాత కొంచెం దూరానికే వడకీ నాలా దగ్గర మళ్ళీ ఆగుతారు. ఇప్పుడే తిని ఆగారు గదా, మళ్ళీ ఎందుకు? ఎందుకంటే ఘాట్ పాదం అక్కడే. ఎక్కే ముందు మనిషి ఊపిరి సర్దుకోవాలి. పల్లకి రథానికి అక్కడ అదనంగా ఎడ్ల జతలు కడతారు. బరువు బండికి జోడెడ్లు చాలవని మనకు తెలిసిన విషయమే. ఘాట్ ఎక్కాక పైన ఝెండేవాడీ దగ్గర ఇంకో విశ్రాంతి. ఆ తర్వాతే సాస్వడ్. అంటే ఎక్కుడుకు కిందా పైనా రెండు చోట్ల ఆగే చోటు పెట్టారు. ఈ చిన్న ఆగడాన్ని వాళ్ళు విసావా అంటారు, రాత్రి మకాంను ముక్కామ్ అంటారు.

మామూలు రోజు కూడా ఇట్లాగే ఉంటుంది. పొద్దున ఫలహారానికి ఒక చోటు, మధ్యాహ్నం భోజనానికి ఒకటి, మధ్యలో విసావాలు, రాత్రికి ముక్కామ్. 21 కిలోమీటర్ల రోజును ఐదారు కిలోమీటర్ల ముక్కలుగా కోస్తారన్నమాట. లెక్క వేసి చూడండి. పెద్ద వయసు మనిషి గంటకు మూడు కిలోమీటర్లు నడిస్తే 21కి ఏడు గంటలు. ఆగే సమయం నాలుగు గంటలు కలిపితే పదకొండు. పొద్దున ఆరింటికి బయలుదేరితే సాయంత్రం ఐదుకు చేరతాడు, వెలుగు ఉండగానే. అదే 30 కిలోమీటర్లయితే నడకే పది గంటలు. ఆగే సమయం కలిపితే చీకటి పడుతుంది. చీకట్లో గుంట కనపడదు, ముసలివాళ్ళు పడేది అప్పుడే. గుంపుతో నడవలేనివాళ్ళు పల్లకికంటే రెండు మూడు గంటలు ముందే బయలుదేరి చల్లపూట నడిచేస్తారు. పల్లకి వాళ్ళను దాటుకుని పోతుంది గానీ, వాళ్ళను వదిలేసి పోదు.

ఇక రాత్రి నీడ సంగతి. జనం దిండీలుగా ఉంటారు. దిండీ అంటే ఒక జట్టు, దానికి వరసలో ఒక నంబరు ఉంటుంది, రథానికి ముందా వెనకా అన్నది ఖాయం. దిండీ సామాను బండి ముందే పోయి మైదానంలో డేరాలు వేసి, వంట మొదలుపెడుతుంది. పాత రోజుల్లో ఎడ్లబండి, ఇప్పుడు లారీ. నడిచొచ్చిన ముసలామె చోటు వెతుక్కోవాల్సిన పని లేదు. తన దిండీ నంబరు తెలిస్తే చాలు, తన పక్క ఎక్కడుందో తెలుస్తుంది. సాయంత్రం హారతి వేళ చోప్‌దార్ తన దండం పైకెత్తగానే తాళాలన్నీ ఆగిపోతాయి. ఫిర్యాదు ఉన్న దిండీ మాత్రం తాళాలు ఆపకుండా వాయిస్తుంది. అప్పుడు వాళ్ళ మాట వింటారు. పోయిన వస్తువులు, దొరికిన వస్తువులు కూడా అక్కడే చెబుతారు. నీళ్ళు అందలేదనో, చోటు దక్కలేదనో చెప్పడానికి రోజూ ఒక సమయం ఉండటం చిన్న విషయం కాదు.

ఈ ఏర్పాటుకూ హద్దులున్నాయి. ఇప్పుడు జనం లక్షల్లో వస్తున్నారు. తరడ్‌గావ్, బరడ్ లాంటి చిన్న ఊళ్ళు అంతమందిని మోయలేవు. ఆషాఢం వానకు నల్లరేగడి మైదానం బురదైతే డేరా కింద తడి దిగుతుంది. అన్నిటికంటే పెద్ద చిక్కు మరుగుదొడ్లు. చోటు లేదని ఆడవాళ్ళు పగలంతా నీళ్ళు తాగడం మానేస్తారు. సాయంత్రానికి తల తిరుగుడు, పిక్కలు పట్టేయడం, మూత్రం ముదురు రంగు. ఈ మూడూ కనపడితే అలసట అని సరిపెట్టకండి, నీళ్ళు తక్కువై వచ్చింది అది.

కాబట్టి ఈసారి మన ఊరి నుంచి పాదయాత్రకు తేదీలు రాసేటప్పుడు భాగించడం పక్కన పెట్టండి. దారిలో ఎక్కుడు ఎక్కడుందో ముందు గుర్తుపెట్టండి. దానికి కిందా పైనా ఆగే చోటు, మర్నాడు ఆటవిడుపు రాయండి. నల్లమల దారిలో ఇది మరీ అవసరం. చివరి రెండు రోజులూ చిన్నవి చేయండి. ఒక మజిలీ పది కిలోమీటర్లే వచ్చిందని సిగ్గుపడకండి, పండరి దారిలో ఎనిమిదిది కూడా ఉంది. ఆ 180 కిలోమీటర్లకు ఆరు రోజులు కాదు, పన్నెండు కావాలి. అన్ని రోజులు దొరకకపోతే పెద్దవాళ్ళను సగం దారి నుంచి కలుపుకోండి. ట్రాలీ ఎక్కించి తీసుకుపోవడం కంటే, నడవగలిగినంత దూరం నడిపించడమే వాళ్ళకు ఇష్టం.