అరవై డిగ్రీల వంట: సూ వీద్ పుట్టుపూర్వోత్తరాలు

కొడంగల్, తాండూరు, వికారాబాద్ వైపు పెద్ద కూర అంటే బర్రె మాంసమే. తెలంగాణలో గోవధ మీద నిషేధం ఉంది కాబట్టి అంగట్లో ఎక్కువగా దొరికేది అదే. ముదురు పశువు మాంసం గట్టిగా ఉంటుంది, అరగంటలో ఉడికిపోదు. అందుకే నహారీ వండేవాళ్లు రాత్రి పొయ్యి మీద పెట్టి, మూత బిగించి, సన్న సెగ మీద తెల్లారేదాకా వదిలేస్తారు. పొద్దుటికి ముక్క వేలితో తాకితే విడిపోతుంది. ముక్కల్ని పట్టి ఉంచే కొల్లాజెన్ అనే గట్టి పదార్థం కరిగి జిగురుగా మారడమే దీని వెనకున్న కారణం.

అయితే నహారీ గిన్నెలో నీళ్లు మరిగే స్థితికి దగ్గర్లోనే ఉంటాయి. ఆ వేడికి కండ బాగా బిగుసుకుని తన రసాన్ని పులుసులోకి వదిలేస్తుంది. పులుసు రుచి అక్కడి నుంచే వస్తుంది కాబట్టి నహారీకి అది లాభమే. కానీ పులుసు లేకుండా ముక్కనే కోసుకుని తినాలనుకునేవాళ్లకు అది నష్టం. అరవై డిగ్రీల దగ్గర కూడా కొల్లాజెన్ కరుగుతుంది, కాకపోతే చాలా నెమ్మదిగా. గట్టి ముక్కకు ఒక పగలూ రాత్రీ, ఒక్కోసారి రెండు రోజులు పడుతుంది. మాంసాన్ని గాలి తీసేసిన సంచిలో మూసి, కొలిచిన వేడి ఉన్న నీళ్లలో అన్ని గంటలు ఉంచే పద్ధతిని సూ వీద్ అంటారు. పేరు ఫ్రెంచి వాళ్లది.

తక్కువ వేడిలో మాంసం ఉడుకుతుందన్న సంగతి అనుకోకుండానే బయటపడింది. 18వ శతాబ్దం చివర కౌంట్ రమ్‌ఫర్డ్ అనే శాస్త్రవేత్త, బంగాళాదుంపలు ఆరబెట్టే యంత్రంలో గొర్రె మాంసం కాలుతుందేమో చూద్దామని పెట్టాడు. మూడు గంటలు చూసినా ఉడికిన జాడ లేదు. విసుగొచ్చి వదిలేస్తే, వంటవాళ్లు దాన్ని రాత్రంతా అలాగే ఉంచేశారు. పొద్దున తీసి చూస్తే పూర్తిగా ఉడికి, రసం పోకుండా, మంచి రుచితో ఉంది. అంత తక్కువ వేడిలో వండింది తినడానికి ఎందుకు భద్రమో వివరించే సూక్ష్మజీవుల శాస్త్రం అప్పటికి పుట్టలేదు.

ఆ శాస్త్రం 1860ల్లో లూయీ పాశ్చర్‌తో వచ్చింది. ద్రాక్షసారా చెడిపోకుండా ఉండాలంటే మరిగించక్కర్లేదని, 50, 60 డిగ్రీల మధ్య వేడి చేస్తే చాలని ఆయన చూపించాడు. అదే సూత్రం తర్వాత పాలకు పాకింది. పాలను 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు ఉంచినా, 63 డిగ్రీల దగ్గర అరగంట ఉంచినా సరిపోతుంది. వేడి తగ్గితే సమయం పెరగాలి. సూ వీద్‌లో మాంసం భద్రంగా ఉండటానికి ఆధారం ఈ లెక్కే.

సంచిలో మూసి వండటం మొదట హోటళ్ల రుచి కోసం పుట్టలేదు. 1960ల చివర్లో అమెరికాలోని సౌత్ కరొలైనా ఆసుపత్రుల్లో భోజనం మెరుగుపరచడానికి ఆంబ్రోస్ మెక్‌గకియన్ ఈ దారి పట్టాడు. 1974లో ఫ్రాన్స్‌లోని రోవాన్ ఊళ్లో ట్రాగ్రో సోదరుల హోటల్ కోసం జార్జ్ ప్రాలుస్ బాతు కాలేయాన్ని ప్లాస్టిక్‌లో చుట్టి వండాడు. మామూలుగా వండితే 40 శాతం దాకా కరిగిపోయే కాలేయం, ఇలా వండితే 5 శాతమే తగ్గిందని చెబుతారు. ఆ కాలంలోనే బ్రూనో గూసో అనే శాస్త్రవేత్త బీఫ్ భుజం మాంసాన్ని 60 డిగ్రీల దగ్గర వండుతూ, ఏ వేడి దగ్గర ఎంతసేపు ఉంచాలో లెక్కలు తేల్చాడు. ప్రాలుస్ వంటగదిని కదిలిస్తే, గూసో దానికి శాస్త్రాన్ని కట్టబెట్టాడు. ఇద్దరిలో గూసో పనే ఎక్కువ కాలం నిలిచిందనాలి.

ఆ లెక్క చూస్తే విషయం తేలిగ్గానే అర్థమవుతుంది. సాల్మొనెల్లా వంటి సూక్ష్మజీవులు ఒక్క క్షణంలో చావవు, వంతులవారీగా చస్తాయి. 60 డిగ్రీల దగ్గర బీఫ్‌లో ప్రతి రెండు నిమిషాల లోపే వాటి సంఖ్య పదో వంతుకు పడిపోతుంది. అమెరికా ప్రభుత్వ పట్టిక ప్రకారం 60 డిగ్రీల దగ్గర సుమారు 12 నిమిషాలు చాలు. 54.4 డిగ్రీలకు దించితే 112 నిమిషాలు కావాలి. అయిదారు డిగ్రీలు తగ్గితే సమయం దాదాపు తొమ్మిది రెట్లయిందన్నమాట. కోడిమాంసానికి నియమం ఇంకాస్త కఠినం. కొవ్వును బట్టి 60 డిగ్రీల దగ్గర 25 నుంచి 35 నిమిషాలు పడుతుంది.

ఈ నిమిషాలు ముక్క నడిమధ్య ఆ వేడికి చేరాక మొదలయ్యేవి. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. ఫ్రిజ్‌లోంచి తీసిన రెండున్నర సెంటీమీటర్ల మందం కోడి బ్రెస్ట్ ముక్కను 60 డిగ్రీల నీళ్లలో వేస్తే, నడిమధ్య దాకా వేడెక్కడానికే చాలాసేపు పడుతుంది. మొత్తం కలిపి గంటన్నరకు పైగా ఉంచాలి. మందం రెట్టింపయితే వేడెక్కే సమయం దాదాపు నాలుగు రెట్లవుతుంది. అందుకే ముక్కల్ని సంచిలో ఒకదానిమీదొకటి పేర్చకూడదు, సంచి నీళ్ల పైకి తేలకూడదు. లోపల బోలుగా ఉండే మొత్తం కోడికి ఈ పద్ధతి పనికిరాదు. రంగు చూసి తీర్పు చెప్పడం కూడా కుదరదు. అరవై దగ్గర వండిన కోడిలో లేత గులాబీ ఛాయ మిగలొచ్చు, సరిగా ఉడకని ముక్క తెల్లగా కనబడొచ్చు. నమ్మాల్సింది థర్మామీటర్నీ, గడియారాన్నీ.

కొన్ని పనులు ఈ వేడి వల్ల కావు. క్లాస్ట్రిడియం జాతి బ్యాక్టీరియా బీజాలు 60 డిగ్రీలకు చావవు, గాలి లేని సంచి వాటికి అనువైన చోటు. వాటిలో పెర్ఫ్రింజెన్స్ అనేది 52 డిగ్రీల దాకా పెరగగలదు. గంటల తరబడి వండే మాంసాన్ని 54.4 కంటే కిందికి దించొద్దనడం అందుకే. ఎండలో చాలాసేపు వేలాడిన మాంసంలో అప్పటికే తయారైన విషాలు కొన్ని మరిగించినా పోవు. తాండూరు ఎండాకాలంలో ఉదయం కోసిన మాంసాన్ని మధ్యాహ్నం తెచ్చి ఇలా వండటం మంచిది కాదు.

మసాలా సంగతీ ఉంది. పచ్చి అల్లం వెల్లుల్లి ముద్ద అరవై డిగ్రీలకు వేగదు, ఇరవై నాలుగు గంటల తర్వాత కూడా పచ్చి వాసన కొడుతుంది. దాన్ని ముందు నూనెలో వేయించి, చల్లార్చి ముక్కకు పట్టించాలి. సంచిలోంచి తీశాక తడి ఒత్తి, బాగా కాలిన పెనం మీద ఒక్కో వైపు నిమిషం లోపే వేయిస్తే వేపుడు రంగూ వాసనా వస్తాయి.

2006లో న్యూయార్క్ నగర ఆరోగ్య శాఖ, రాతపూర్వకమైన భద్రతా పథకం లేకుండా మాంసాన్ని వ్యాక్యూమ్ సంచుల్లో ప్యాక్ చేస్తున్న హోటళ్ల మీద చర్య తీసుకుంది. వాళ్ల భయానికి కారణం వంటకంటే వండాక దాచిపెట్టడమే. ఇంట్లో చేసేవాళ్లకూ అదే వర్తిస్తుంది. వండిన ముక్కను వెంటనే తినాలి. దాచాలంటే సగం ఐసు, సగం నీళ్లున్న గిన్నెలో సంచిని ముంచి పూర్తిగా చల్లార్చి, 3 డిగ్రీల లోపున్న ఫ్రిజ్‌లో పెట్టాలి. కరెంటు పోయి నీళ్లు గంటల తరబడి చల్లబడినా, దాచిన సంచి ఉబ్బినా ఆ మాంసాన్ని రుచి చూడకుండా పారేయండి. గర్భిణులు, పసిపిల్లలు, ముసలివాళ్లు, జబ్బుతో నీరసించినవాళ్లు ఉన్న ఇంట్లో కోడిని 74 డిగ్రీల దాకా వండటమే మేలు. ఆ వేడి నడిమధ్యకు చేరిన క్షణమే సాల్మొనెల్లా చచ్చిపోతుంది.