కెరోటిడ్ ధమని సంకోచం

మెడకు ఇరుప్రక్కల ఉండి మెదడుకు రక్తాన్ని చేరవేసే కెరోటిడ్ ధమనుల లోపలి గోడలో కొవ్వు పేరుకొని, రక్తం ప్రవహించే దారి సన్నబడడాన్ని కెరోటిడ్ ధమని సంకోచం అంటారు. పక్షవాతానికి (స్ట్రోక్) గల కారణాలలో ఇది ఒకటి. మందులతో పాటు మెడపై శస్త్రచికిత్స ద్వారా గాని, ధమని లోపల స్టెంటు అమర్చి గాని దీనిని సరిచేయవచ్చును. అయితే ధమని సన్నబడిన ప్రతి ఒక్కరికీ ఈ చికిత్సలు అవసరం కావు. సంకోచం ఎంత ఉన్నది, దాని వలన ఇంతకు ముందే లక్షణాలు కనిపించినవా లేదా, కనిపించి ఎన్ని రోజులైనది అనే మూడు విషయాలపై నిర్ణయం ఆధారపడి ఉంటుంది.

ధమని నిర్మాణం

మెడలో కంఠమణికి (ఆడమ్స్ ఆపిల్) ఇంచుమించు సమానమైన ఎత్తులో సామాన్య కెరోటిడ్ ధమని రెండుగా చీలుతుంది. బాహ్య శాఖ ముఖానికి, తల చర్మానికి రక్తాన్ని ఇస్తుంది. అంతర శాఖ పుర్రె లోపలికి ప్రవేశించి కంటికి, మెదడు ముందు భాగానికి రక్తాన్ని అందిస్తుంది. ఈ చీలిక వద్ద అంతర ధమని కొంచెం ఉబ్బెత్తుగా ఉంటుంది. అక్కడ వెలుపలి గోడ ప్రక్కన రక్తప్రవాహం మందగించి సుడి తిరుగుతుంది. ఏటి వంపులో నీరు నెమ్మదించిన చోట ఒండ్రు మేట వేసినట్లు, కొవ్వు ఫలకం ఎక్కువగా ఈ చోటనే పేరుకుంటుంది. పొగత్రాగడం, అధిక రక్తపోటు, మధుమేహం, రక్తంలో అధిక కొలెస్టరాల్, వయసు దీనికి తోడ్పడతాయి.

పక్షవాతంతో సంబంధం

దారి సన్నబడి రక్తం చాలకపోవడం వలననే పక్షవాతం వస్తుందని చాలామంది అనుకుంటారు. అది కొద్దిమంది విషయంలోనే నిజం. మెదడు అడుగున ధమనులన్నీ ఒక వలయంగా కలిసి ఉంటాయి కనుక, ఒక ప్రక్క తగ్గిన రక్తాన్ని రెండవ ప్రక్క ధమని తరచు భర్తీ చేస్తుంది. అసలు ప్రమాదం ఫలకం పగిలినప్పుడు కలుగుతుంది. పగిలిన చోట రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ ముక్కలు ప్రవాహంతో కొట్టుకొనిపోయి మెదడులోని చిన్న ధమనులకు అడ్డుపడతాయి. అందువలననే ధమని పూర్తిగా మూసుకుపోయి కూడా ఏ బాధా లేనివారు ఉంటారు, దారి కొంత మిగిలి ఉండి పక్షవాతానికి గురయ్యేవారూ ఉంటారు.

ముక్క చిన్నదై వెంటనే కరిగిపోతే లక్షణాలు కొద్ది నిమిషాలలో తగ్గిపోతాయి. దీనిని తాత్కాలిక రక్తప్రసరణ లోపం అంటారు. శరీరంలో ఒక ప్రక్క చేయి, కాలు లేక ముఖం బలహీనపడడం, తిమ్మిరెక్కడం, మాట తడబడడం దీని లక్షణాలు. ముక్క కంటి ధమనిలోకి పోతే ఆ కంటికి తెర దించినట్లు చూపు పోయి, కొద్ది నిమిషాలకు తిరిగి వస్తుంది. కన్ను ఏ ప్రక్క ధమని దెబ్బతిన్నదో ఆ ప్రక్కదే. చేయి, కాలు మాత్రం ఎదురు ప్రక్కవి. కళ్ళు తిరగడం, స్పృహ తప్పడం మాత్రమే ఉంటే వాటికి కారణం సాధారణంగా ఈ ధమని కాదు.

తగ్గిపోయినది కదా అని ఊరుకోవడం ఇందులో జరిగే పెద్ద పొరపాటు. తరువాతి కొద్ది రోజులలోనే పూర్తి పక్షవాతం వచ్చే అవకాశం మిగతా కాలం కంటే చాలా ఎక్కువ. కనుక లక్షణం వచ్చిన రోజే ఆసుపత్రికి వెళ్ళవలెను.

సంకోచాన్ని కొలిచే విధానం

వైద్యుడు మెడపై స్టెతస్కోపు ఉంచినప్పుడు కొందరిలో గరగర శబ్దం వినిపిస్తుంది. కాని తీవ్రమైన సంకోచంలో అది వినిపించకపోవచ్చు, సంకోచం లేనివారిలోనూ వినిపించవచ్చు. అందుచేత మొదట డాప్లర్ పరీక్ష చేస్తారు. తోటకు నీరు పెట్టే గొట్టం చివరను వేలితో నొక్కితే నీరు వేగంగా చిమ్ముతుంది. అదే విధంగా సన్నబడిన చోట రక్తం వేగం పెరుగుతుంది. ఈ వేగం సెకనుకు 230 సెంటీమీటర్లు దాటితే సంకోచం 70 శాతమో అంతకు మించో ఉన్నట్లు సాధారణంగా లెక్కిస్తారు. చికిత్సకు ముందు సీటీ లేదా ఎమ్మారై యాంజియోగ్రాముతో దానిని నిర్ధారించుకుంటారు. ధమని దాదాపు మూసుకుపోయినప్పుడు రక్తం వేగం తిరిగి తగ్గిపోతుంది కనుక డాప్లర్ ఒక్కటే చూస్తే పొరబడే అవకాశమున్నది.

శాతాన్ని లెక్కించడానికి రెండు పద్ధతులున్నాయి. ఉత్తర అమెరికా పద్ధతిలో సన్నని చోటి వెడల్పును పైన ఆరోగ్యంగా ఉన్న ధమని వెడల్పుతో పోలుస్తారు. ఐరోపా పరిశోధన అనుసరించిన పాత పద్ధతిలో అదే చోట ధమని మొదట ఎంత వెడల్పు ఉండేదో అంచనా వేసి, దానితో పోలుస్తారు. ఉదాహరణకు సన్నని చోట దారి 1.5 మిల్లీమీటర్లు, పైన ధమని 5 మిల్లీమీటర్లు, ఉబ్బెత్తు భాగపు అసలు వెడల్పు 8 మిల్లీమీటర్లు అనుకుందాం. మొదటి పద్ధతిలో సంకోచం 70 శాతం, రెండవ పద్ధతిలో సుమారు 81 శాతం వస్తుంది. ధమని ఒకటే, అంకెలు వేరు. అందుచేత నివేదికలో ఏ పద్ధతి వాడినారో తెలుసుకొనవలెను. ఈ వ్యాసంలోని శాతాలు మొదటి పద్ధతివి.

లక్షణాలు కనిపించినవారిలో చికిత్స

ఒక ఉదాహరణ చూద్దాం. 68 సంవత్సరాల వ్యక్తికి ఒక ఉదయం కుడి కంటి చూపు అయిదు నిమిషాల పాటు పోయి తిరిగి వచ్చినది. రెండు రోజుల తరువాత ఎడమ చేతిలోని గ్లాసు జారిపడినది, ఇరవై నిమిషాలకు చేయి బాగైనది. పరీక్షలో కుడి అంతర ధమనిలో పైన చెప్పిన 70 శాతం సంకోచం కనబడినది. కుడి కన్ను, ఎడమ చేయి రెండూ కుడి ధమనినే సూచిస్తున్నాయి. కనుక ఇది లక్షణాలు కలిగించిన సంకోచం.

ఇటువంటివారి గురించి ఉత్తర అమెరికాలో జరిగిన నాస్కెట్ పరిశోధన ఫలితాలు 1991లో వెలువడినవి. 70 నుండి 99 శాతం సంకోచం ఉన్నవారిలో మందులు మాత్రమే వాడినప్పుడు రెండేళ్ళలో ప్రతి 100 మందిలో 26 మందికి అదే ప్రక్క పక్షవాతం వచ్చినది. శస్త్రచికిత్స చేయించుకున్నవారిలో 9 మందికే వచ్చినది. అనగా సుమారు ఆరుగురికి శస్త్రచికిత్స చేస్తే ఒకరు పక్షవాతం నుండి తప్పించుకున్నారు. 50 నుండి 69 శాతం వారిలో ప్రయోజనం తక్కువ: అయిదేళ్ళకు 22 మందికి బదులు 16 మంది. 50 శాతానికి లోపు ఉన్నవారికి శస్త్రచికిత్స వలన చెప్పుకోదగిన లాభం కనబడలేదు.

లాభం కాలంతో పాటు త్వరగా తరిగిపోతుంది. లక్షణాలు వచ్చిన రెండు వారాల లోపల చేసినప్పుడు అది అత్యధికంగా ఉంటుంది, మూడు నెలలు దాటితే చాలావరకు పోతుంది. ఫలకం ఆలోగా కొంత మానడం, ప్రమాదం ఎక్కువగా ఉన్నవారికి ఆలోగానే పక్షవాతం వచ్చేయడం ఇందుకు కారణాలు. కనుక పై ఉదాహరణలోని వ్యక్తికి ఆస్పిరిన్ వంటి మందులు, స్టాటిన్ వెంటనే మొదలుపెట్టి, రెండు వారాల లోపల శస్త్రచికిత్స చేయడం ఉచితం.

లక్షణాలు లేనివారిలో

అదే 70 శాతం సంకోచం ఏ లక్షణమూ లేని వ్యక్తికి సాధారణ ఆరోగ్య పరీక్షలో బయటపడితే లెక్క మారుతుంది. 1995లో వెలువడిన అకాస్ పరిశోధనలో 60 శాతానికి పైబడిన సంకోచం ఉన్నవారిలో పక్షవాతం లేదా మరణం అవకాశం అయిదేళ్ళకు మందులతో 11 శాతం, శస్త్రచికిత్సతో 5 శాతం. అనగా 100 మందికి కోత పెడితే ఆరుగురికి మేలు జరిగినది. ఆ తరువాత స్టాటిన్లు, రక్తపోటు మందులు మెరుగుపడడంతో మందులతోనే ప్రమాదం ఇంకా తగ్గినది.

2025లో ప్రచురితమైన క్రెస్ట్-2 పరిశోధన 70 శాతం, అంతకు మించిన సంకోచం ఉండి లక్షణాలు లేనివారిని పరిశీలించినది. అందులో నాలుగేళ్ళకు పక్షవాతం, తొలి దశలో మరణం వంటి దుష్ఫలితాలు మందులు మాత్రమే వాడినవారిలో 6.0 శాతం, స్టెంటు కూడా అమర్చినవారిలో 2.8 శాతం. శస్త్రచికిత్స విభాగంలో ఈ అంకెలు 5.3, 3.7 శాతం. ఈ రెండవ తేడా యాదృచ్ఛికం కాదని చెప్పడానికి చాలలేదు. ఏ గుంపులో చూచినా ఎక్కువమందికి ఏ విపత్తూ కలగలేదు. కనుక ఇటువంటివారికి మంచి మందులు పునాది. అదనపు చికిత్స రోగి ఆయుర్దాయం, ఫలకం స్వభావం, ఆ కేంద్రం అనుభవం చూచి నిర్ణయించవలసినది.

శస్త్రచికిత్స

మెడలో ధమనిపై శస్త్రచికిత్స చేసి పక్షవాతాన్ని నివారించిన తొలి నివేదికను 1954లో లండనులోని సెయింట్ మేరీస్ ఆసుపత్రికి చెందిన ఈస్ట్‌కాట్, పికరింగ్, రాబ్ ప్రచురించారు. అమెరికాలో డిబేకీ 1953లోనే చేసినా ఆ వివరాలు 1975లో వెలువడినవి.

ఇప్పటి పద్ధతిలో మెడ ప్రక్క కండరం ముందు అంచు వెంబడి కోత పెట్టి, రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇచ్చి, ధమనిని పైన, క్రింద బిగిస్తారు. ఆ సమయంలో మెదడుకు రక్తం చాలదనిపిస్తే సన్నని గొట్టాన్ని తాత్కాలికంగా అమరుస్తారు. ధమనిని నిలువుగా తెరచి, ఫలకాన్ని గోడ నుండి పొరవలె వలిచి తీసివేస్తారు. తిరిగి సన్నబడకుండా మాసికవంటి ముక్కను అతికి కుట్టివేస్తారు. స్థానిక మత్తుతో చేసినప్పుడు రోగితో మాట్లాడుతూ, ఎదుటి ప్రక్క చేతితో బొమ్మను నొక్కిస్తూ మెదడు పనితీరును గమనిస్తారు.

ఈ చికిత్సే పక్షవాతాన్ని కలిగించవచ్చు. లక్షణాలు ఉన్నవారిలో పక్షవాతం, మరణం కలిపి 6 శాతానికి, లేనివారిలో 3 శాతానికి మించకుండా చేయగలిగిన చోటనే ఇది సమంజసమని మార్గదర్శకాలు చెబుతున్నాయి. నరాలు దెబ్బతిని గొంతు బొంగురు పోవడం, నాలుక ఒక ప్రక్కకు వాలడం జరగవచ్చును. ఇవి చాలావరకు తాత్కాలికం. మెడ వాచి ఊపిరి ఆడకపోతే లోపల రక్తస్రావం జరుగుతున్నట్లు. ఇంటికి వెళ్ళిన తరువాతి రోజులలో అధిక రక్తపోటుతో తీవ్రమైన తలనొప్పి గాని మూర్ఛ గాని వస్తే, మెదడులోకి రక్తం ఒక్కసారిగా ఎక్కువైనదని అనుమానించి వెంటనే తిరిగి రావలెను.

స్టెంటు

గజ్జలోని ధమని ద్వారా సన్నని తీగను మెడ వరకు పంపి, రాలిన ముక్కలను పట్టడానికి గొడుగు వంటి వడపోతను పైన తెరచి, లోహపు జాలి గొట్టాన్ని సన్నని చోట విచ్చుకొనేటట్లు చేస్తారు. మెడపై కోత ఉండదు. కాని తీగ వంపుల గుండా వెళ్ళేటప్పుడే గడ్డలు రాలవచ్చు. 2,502 మందిపై జరిగి 2010లో వెలువడిన క్రెస్ట్ పరిశోధనలో చికిత్స సమయంలో పక్షవాతం స్టెంటుతో 4.1 శాతం, శస్త్రచికిత్సతో 2.3 శాతం. గుండెపోటు ఇందుకు విరుద్ధంగా 1.1, 2.3 శాతం. 70 సంవత్సరాలు దాటినవారికి శస్త్రచికిత్స మేలుగా తేలినది. మెడకు మునుపు రేడియేషన్ ఇచ్చినవారికి, అక్కడ ఇదివరకే శస్త్రచికిత్స అయినవారికి, గుండె జబ్బు తీవ్రంగా ఉన్నవారికి స్టెంటు ఉపయోగకరం. తరువాత కనీసం నాలుగు వారాలు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ వాడవలెను. ఇవి మధ్యలో మానితే స్టెంటులో రక్తం గడ్డకట్టవచ్చు.

పరిమితులు

ధమని పూర్తిగా మూసుకుపోయిన తరువాత దానిని తెరవడానికి సాధారణంగా ప్రయత్నించరు. దాదాపు మూసుకుపోయి పైభాగం ముడుచుకుపోయినవారిలో కూడా లాభం స్వల్పం. భారతీయులలో పుర్రె లోపలి ధమనులు సన్నబడడం కూడా తరచు కనబడుతుంది. మెడపై చేసే చికిత్స వాటికి పనిచేయదు. శస్త్రచికిత్స గాని స్టెంటు గాని జరిగినా ఫలకానికి మూలమైన వ్యాధి మిగిలే ఉంటుంది. కనుక పొగ మానడం, రక్తపోటు అదుపు, స్టాటిన్, ఆస్పిరిన్ వంటివి జీవితాంతం కొనసాగుతాయి.