తలకిందులైన వడ్డీరేట్లు

మూడు నెలలకు అప్పిచ్చేవాడి కంటె పదేళ్ళకు అప్పిచ్చేవాడు హెచ్చు వడ్డీ అడగటం లోకసహజం. పదేళ్ళలో ధరలు పెరగవచ్చు, రొక్కంతో అవసరం పడవచ్చు. ప్రభుత్వ రుణపత్రాల విషయంలోనూ సాధారణంగా యింతే. అలాంటిది, 2006 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం మూడు నెలల బిల్లు మీద సుమారు 5 శాతం యిస్తూండగా, పదేళ్ళ బాండు మీద వచ్చేది 4.6 శాతమే. సొమ్మును ఎక్కువ కాలం కట్టిపడేసుకున్న వాడికే తక్కువ ప్రతిఫలం!

ఈ చిక్కుముడి విప్పాలంటే ఏ రేటు ఎవరి చేతిలో ఉన్నదో చూడాలి. స్వల్పకాలపు రేటు కేంద్రబ్యాంకు చేతిలోది. 2004 జూన్‌లో 1 శాతంగా ఉన్న రేటును ఫెడరల్ రిజర్వు పదిహేడు దఫాలుగా పెంచి, 2006 జూన్ నాటికి 5.25కు చేర్చింది. పదేళ్ళ రేటు బాండ్లు కొనేవాళ్ళ అంచనాల మీద నిలుస్తుంది. ఈ యేడు 5 శాతం, వచ్చే యేడు 3 శాతం వస్తుందనుకునేవాడు రెండేళ్ళ బాండును సుమారు 4 శాతానికే సంతోషంగా కొంటాడు. వడ్డీలు ఎప్పుడు తగ్గుతాయి? వ్యాపారం కుంటుపడి, కేంద్రబ్యాంకు దాన్ని లేవనెత్తవలసి వచ్చినప్పుడు. కనుక తక్కువ దీర్ఘకాలపు రేటులో మాంద్యం వస్తుందన్న అనుమానం దాగి ఉంటుంది.

అయితే యిది జ్వరం చూపే పాదరసం మాత్రమేనా? కాదనే నా అభిప్రాయం. బ్యాంకులు కొద్దికాలపు డిపాజిట్లు తీసుకొని దీర్ఘకాలపు అప్పులిస్తాయి. రెండు రేట్ల మధ్య తేడాయే వాటి బతుకుతెరువు. అది హరించుకుపోతే అప్పులిచ్చే చెయ్యి ముడుచుకుంటుంది; జబ్బు కొంత ముదురుతుంది.

1986లో కాంప్‌బెల్ హార్వే తన పరిశోధనా వ్యాసంలో ఈ సంబంధాన్ని నిరూపించాడు. అయినా 2006 మార్చిలో ఫెడరల్ రిజర్వు అధ్యక్షుడు బెర్నాంకీ, అప్పటికే సమతలమైపోయిన రేట్లను చూసి పెద్ద మందగమనం వస్తుందని తాను అనుకోవటం లేదన్నాడు. విదేశాల పొదుపు అమెరికా బాండ్లలోకి ప్రవహించి దీర్ఘకాలపు రేటును అణిచిపెట్టిందన్న వాదన అప్పుడు బలంగా ఉంది. వాదం బొత్తిగా తప్పు కాదు; కాని మాంద్యం 2007 డిసెంబరులో రానే వచ్చింది.

సూచిక ప్రతిసారీ ఫలించదు. 1966లో రేట్లు తలకిందులైనా మాంద్యం రాలేదు. 2022 జూలై నుంచి రెండేళ్ళకు పైగా రెండేళ్ళ రేటు పదేళ్ళ రేటుకు పైనే ఉన్నది; ఆ కాలంలోనూ రాలేదు. చాలా కుటుంబాలు అంతకుముందే చవక వడ్డీకి ముప్పయ్యేళ్ళ యింటి అప్పులు తీసుకొని ఉండటం యిందుకొక కారణం. కొత్త రేట్లు వాళ్ళను తాకలేదు.

ఇంకొక మోసం కూడా ఉంది. 2007 సెప్టెంబరులో ఫెడరల్ రిజర్వు రేట్లు తగ్గించసాగింది. మాంద్యం మొదలైన డిసెంబరు నాటికి మూడు నెలల రేటు సుమారు 3 శాతానికి దిగింది, పదేళ్ళది 4 దాటి ఉన్నది. పట్టికలో అంతా సవ్యంగానే కనిపించింది.