కీలకపద పద్ధతి

కీలకపద పద్ధతి అంటే పరభాషలోని మాటను, దానిలాగే వినిపించే సొంత భాష మాట ఆసరాతో బొమ్మగా ఊహించుకుని గుర్తుపెట్టుకునే విధానం. ఇందులో రెండు లంకెలు ఉంటాయి. కొత్త మాట చెవిన పడగానే దానిలా వినిపించే తెలిసిన మాట తట్టాలి. అది ధ్వని లంకె, ఆ తెలిసిన మాటే కీలకపదం. ఆ తరవాత కీలకపదం సూచించే వస్తువూ కొత్త మాట అర్థమూ ఒకే దృశ్యంలో పెనవేసుకుని కనిపించాలి. అది బొమ్మ లంకె.

ఊహాచిత్రాలతో మాటలను గుర్తుంచుకోవడం ప్రాచీన రోమన్ వక్తలకూ తెలుసు. దాన్ని విదేశీ పదాలకు వర్తింపజేసి, ప్రయోగాలతో పరీక్షించి, ఇప్పుడు వాడుకలో ఉన్న పేరుతో నిలబెట్టినవారు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ అట్కిన్సన్, మైకేల్ రా. 1975లో వారు ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థులు రోజుకు 40 చొప్పున మూడు రోజుల్లో 120 రష్యన్ పదాలు నేర్చుకున్నారు. మర్నాటి పరీక్షలో కీలకపదాలు వాడినవారు 72 శాతం, వాడనివారు 46 శాతం అర్థాలు చెప్పగలిగారు. ఆరు వారాల తరవాత ముందుగా చెప్పకుండా పెట్టిన పరీక్షలో ఆ అంకెలు 43, 28కి పడిపోయాయి. రెండు గుంపులూ చాలా మరిచిపోయినా తేడా మాత్రం నిలిచింది.

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేతో పెరిగిన ఊరు. ఆ రైల్వేలోనూ దాని వర్క్‌షాపులోనూ పనికి వచ్చిన ఉత్తరాంధ్ర కుటుంబాల వల్ల అక్కడ తెలుగు తరతరాలుగా వినిపిస్తోంది. అలాంటి ఊరికి కొత్తగా వచ్చిన తెలుగు మనిషి బజారు బెంగాలీ నేర్చుకోవడాన్ని ఉదాహరణగా తీసుకుంటే ఈ పద్ధతి బలమూ బలహీనతా రెండూ తేటపడతాయి.

బెంగాలీలో కిటికీని ‘జానాలా’ అంటారు. తెలుగు చెవికి ‘జనాలు’ వెంటనే తగులుతుంది. రైలు పెట్టె కిటికీలోంచి జనాలు తలలు బయటపెట్టి ఒకరినొకరు తోసుకుంటున్న దృశ్యాన్ని ఊహించుకుంటే చాలు. ఇది మంచి జోడీ. ధ్వని దాదాపు మొత్తం కలిసింది, వస్తువు కంటికి కనిపించేది, కిటికీ జనాలను ఇముడ్చుకుంది. కిటికీ ఒక పక్కన, జనాలు మరో పక్కన ఊరికే నిలబడి ఉంటే బొమ్మ నిలవదు.

ఆవును ‘గొరు’ అంటారు. కీలకపదం ‘గోరు’, బొమ్మ గిట్టలకు గోరింటాకు పెట్టుకున్న ఆవు. మాట వినగానే అర్థం సులువుగా దొరుకుతుంది. కానీ ఆవును చూసి బెంగాలీ మాట చెప్పాలంటే చిక్కు వస్తుంది. బొమ్మ నుంచి ‘గోరు’ దాకా వచ్చినవాడు దీర్ఘాన్ని అలాగే పలికేస్తాడు, బెంగాలీ ఉచ్చారణ పొట్టిది. జర్మన్ నేర్చుకునే ఇంగ్లిష్ భాషీయులపై నిక్ ఎల్లిస్, అలన్ బీటన్ 1993లో ప్రచురించిన పరిశోధన కూడా ఇలాంటి తేడానే చూపింది. కీలకపదం అర్థం పోల్చుకోవడానికి బాగా పనికొచ్చింది. మాటను స్వయంగా పలకడానికి బిగ్గరగా వల్లెవేయడమే మేలనిపించింది.

అంతకన్నా పెద్ద ప్రమాదం ‘నూన్’ దగ్గర ఎదురవుతుంది. బెంగాలీలో దాని అర్థం ఉప్పు, తెలుగువాడికి తట్టేది నూనె. రెండూ వంటింట్లోవే కాబట్టి ఏ దృశ్యం కట్టినా ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. కొన్నాళ్లకు కీలకపదం తన సొంత అర్థాన్నే ముందుకు తోస్తుంది, కొట్లో నూనె కావాలనుకుని ‘నూన్’ అడిగితే ఉప్పు చేతికొస్తుంది. పరీక్షించుకున్నప్పుడు అసలు అర్థానికి బదులు కీలకపదం అర్థం నోటికి వస్తూ ఉంటే ఆ జోడీ చెడ్డదని గుర్తు. దాన్ని వదిలేసి ‘నున్నటి’ గుండు మీద ఉప్పు రాశిగా పోసిన దృశ్యంలాంటిది కట్టుకోవడం మంచిది.

‘కింతు’ (కానీ), ‘కేనో’ (ఎందుకు) లాంటి మాటలకు బొమ్మే దొరకదు. క్రియలదీ అదే సంగతి: ‘జాబో’ అంటే వెళ్తాను, ‘జాచ్ఛి’ అంటే వెళ్తున్నాను. కీలకపదం ఒక రూపాన్ని పట్టి ఇవ్వగలదు, మిగతా రూపాలు వ్యాకరణం ద్వారా రావలసిందే. ‘మాటి’ (మట్టి) లాంటి దగ్గరి మాటలకైతే ఈ శ్రమ అక్కరే లేదు.

ఎంతకాలం గుర్తుంటుందన్న విషయంలో తొలి ఫలితాలకు పెద్ద సవరణ 1992లో ఆల్విన్ వాంగ్, మార్గరెట్ థామస్, వారి సహ పరిశోధకురాలి అధ్యయనంతో వచ్చింది. నేర్చుకున్న వెంటనే ఒకసారి పరీక్ష పెడితే, ఆ పరీక్షే మళ్లీ ఒక అభ్యాసమై తరవాతి ఫలితాన్ని పెంచుతుంది. ఆ మధ్య పరీక్ష లేకుండా గడువు తరవాతే అడిగితే కీలకపదాలు వాడినవారు వల్లెవేసినవారికన్నా వేగంగా మరిచిపోయారు. 2013లో జాన్ డన్లోస్కీ బృందం పది అభ్యాస పద్ధతులను సమీక్షించి దీన్ని తక్కువ ప్రయోజనం ఉన్నవాటిలో చేర్చింది. తగిన కీలకపదం వెతకడానికి పట్టే సమయమూ, అన్ని రకాల మాటలకూ అది పనికిరాకపోవడమూ అందుకు చెప్పిన కారణాల్లో ఉన్నాయి.

అందుకే ఈ పద్ధతిని ఎంతకీ నోటికెక్కని వస్తువాచకాలకు మాత్రమే వాడి, బొమ్మ కట్టిన రోజే ఒకసారి, తరవాత గడువు పెంచుకుంటూ మరికొన్నిసార్లు, చూడకుండా గుర్తుతెచ్చుకోవడం ఉపాధ్యాయులు సాధారణంగా చెప్పే పద్ధతి. అలా కొన్నిసార్లు పలికాక ‘జానాలా’ అనగానే కిటికీ నేరుగా తడుతుంది, మధ్యలో జనాలు రారు.