తరగతిలో చేత్తో రాసిన పేజీ ఎందుకు దాచిపెడతాం?

బడి తెరిచిన వారంలో మీ పిల్లల చేత తరగతిలోనే ఒక పేజీ రాయిస్తాం. సమయం అరగంట. "మా ఇంట్లో పండగ" లాంటి తెలిసిన విషయమే ఇస్తాం. మార్కులు లేవు, ఎర్ర సిరాతో దిద్దడమూ లేదు. తేదీ వేసి దాచిపెడతాం.

చూసేది అక్షరాల అందం కాదండీ. వాక్యం ఎంత పొడవుంది, ఏ తప్పు మళ్లీ మళ్లీ వస్తోంది అన్నది చూస్తాం. తమిళ లిపిలో భ, ధలకు వేరే అక్షరాలు లేవు. అందుకే తమిళనాడులో చదివే మన పిల్లలు చాలామంది 'భయం' బదులు 'బయం' అని రాస్తారు.

ఏడో తరగతి అమ్మాయి ఒకరి పేజీలో అన్నీ చిన్న వాక్యాలే, 'బయం' మూడుసార్లు. ఆగస్టులో ఇంటి నుంచి తెచ్చిన వ్యాసంలో ఒక్క తప్పూ లేదు, వాక్యాలూ పొడవే. అంతమాత్రాన కాపీ అనేయలేం. ఎదురుగా కూర్చోబెట్టి కష్టమైన మాటలకు అర్థాలడిగాం, గడగడా చెప్పింది. ఒక పేరా మళ్లీ రాయమంటే పొడవు వాక్యాలు వచ్చాయి, 'బయం' కూడా వచ్చింది. మాటలు తనవే, తప్పులు దిద్దింది తాతగారట!

జ్వరంతోనో కంగారులోనో రాసిన పేజీ అయితే మాకు చెప్పండి, ఇంకో రోజు రాయిస్తాం. పిల్లలు ఎదుగుతారు కాబట్టి, మూడు నెలల పరీక్షలయ్యాక ఎలాగూ అందరి చేతా కొత్త పేజీ రాయిస్తాం.